బాక్సు మీది నంబరు, ఫోనులోని నంబరు

విశాఖ పోర్టుకు వచ్చే కంటైనర్ల కాగితాలు సరిచూడటం నా ఉద్యోగం. కాగితం మీద ఉన్న నంబరూ, ఇనుప పెట్టె మీద ఉన్న నంబరూ ఒకటేనా కాదా అని పదిహేడేళ్లుగా చూస్తున్నాను. అలాంటివాణ్ని, మా అమ్మాయికి పాత ఫోను కొనబోయి బాక్సు మీది నంబరు ఒక్కటే చూసి బేరానికి బయలుదేరాను.

అమ్మాయి డిగ్రీలో చేరింది. కొత్త ఫోను ఇరవై నాలుగు వేల దాకా ఉంది. రెండేళ్లు వాడినది పన్నెండు వేలలో దొరికితే చాలనుకున్నాను. ఇంటర్నెట్లో ప్రకటన చూసి ఒకతనితో మాట్లాడాను. బిల్లు పోయిందట కానీ బాక్సు ఉందట. అడగకముందే బాక్సు వెనక వైపు ఫోటో పంపాడు. స్టిక్కరు మీద మోడల్ పేరు, రంగు, ఒక్కో ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యలైన ఐఎంఈఐ నంబర్లు రెండూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండు సిమ్‌లు పట్టే ఫోనుకు రెండు నంబర్లుంటాయి, అది మామూలే.

కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ 2023 మే నుంచి అందరికీ అందుబాటులో ఉంది. sancharsaathi.gov.in లో మన మొబైల్ నంబరుకు వచ్చే ఓటీపీ ఇచ్చి, కొనదలచిన ఫోను ఐఎంఈఐ కొడితే దాని కంపెనీ, మోడల్, స్థితి చెబుతుంది. బ్లాక్‌లిస్టులో ఉందనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడకంలో ఉందనో వస్తే కొనవద్దని అక్కడే రాసి ఉంటుంది. నేను కొట్టిన నంబరు సరైనదేనని వచ్చింది, మోడల్ కూడా కుదిరింది. సాయంత్రం ఆరున్నరకు జగదాంబ జంక్షన్ దగ్గర కలుద్దామన్నాడు.

ఫోను బాగుంది. గీతలు లేవు, కెమెరా బాగా పనిచేస్తోంది. తన ఇంకో ఫోనులోని హాట్‌స్పాట్‌కు కలిపి వీడియో కూడా ఆడించి చూపించాడు. కాల్ చేసి చూద్దామని నా రెండో సిమ్ తీసి అందులో పెట్టాను. రెండు నిమిషాలైనా సిగ్నల్ రాలేదు. అత్యవసర కాల్స్ మాత్రమే అంటోంది. "ఇక్కడ టవర్ వీక్ సార్" అన్నాడు. జగదాంబ జంక్షన్లో టవర్ వీకా! నా సొంత ఫోనులో అదే కంపెనీ సిగ్నల్ నిండా ఉంది.

అప్పుడు గానీ చేయవలసిన పని గుర్తుకు రాలేదు. డయలర్ తెరిచి *#06# కొట్టాను. దీనికి సిమ్ అక్కరలేదు, కాల్ బటన్ నొక్కనక్కరలేదు, ఆఖరి గుర్తు కొట్టగానే నంబర్లు తెర మీదకు వస్తాయి. బాక్సు పక్కన పెట్టి చూశాను. మొదటి ఎనిమిది అంకెలూ అచ్చంగా అవే. ఆ తరువాతివి ఏవీ కలవలేదు, రెండు నంబర్లలోనూ.

మోసం బతికేది ఈ ఎనిమిది అంకెల మీదే. ఐఎంఈఐలో పదిహేను అంకెలుంటాయి. మొదటి ఎనిమిది మోడల్‌కు సంబంధించినవి, కాబట్టి ఒకే మోడల్ ఫోన్లలో సాధారణంగా అవి ఒకటే. తరువాతి ఆరు ఆ ఒక్క ఫోను వరుస సంఖ్య. చివరిది తనిఖీ అంకె. సందె చీకట్లో, జనం మధ్య, పదిహేను అంకెలు పోల్చేవాళ్లు ఎవరు? ముందు నాలుగైదు చూసి "కలిసింది" అనుకుంటారు. అదే మోడల్ బాక్సు ఎవరిది తెచ్చినా ముందు భాగం కలుస్తుంది. చూడవలసింది వెనక ఏడు అంకెలు. ఆ బాక్సు నకిలీది కూడా కాదు, స్టిక్కరు అంటించినదీ కాదు. నిఖార్సైన బాక్సే, కాకపోతే ఇంకెవరిదో.

అతను తడుముకోలేదు. మొదట "రెండు సిమ్‌ల ఫోను కదా సార్, నంబర్లు వేరుగానే ఉంటాయి" అన్నాడు. రెండూ బాక్సు మీద ఉండాలి కదా అన్నాను. "సర్వీసు సెంటర్లో బోర్డు మార్చారు" అన్నాడు. ఇది కొట్టిపారేయలేని మాట. ఫోను లోపలి మదర్‌బోర్డు మారిస్తే ఐఎంఈఐ నిజంగానే మారుతుంది, పాత బాక్సుతో కలవదు. అయితే అలా మార్చినప్పుడు సర్వీసు సెంటరు ఇచ్చే కాగితం ఉంటుంది. అది చూపించమన్నాను. ఇంట్లో ఉందన్నాడు. తెర మీది నంబర్లను నా ఫోనుతో ఫోటో తీసుకున్నాను. సిమ్ తీసుకుని, రేపు చెబుతానని పక్కకు వచ్చి మెసేజ్ పంపాను. KYM అని రాసి, ఖాళీ వదిలి, పదిహేను అంకెలు కొట్టి 14422కు పంపితే చాలు, సైటు తెరవనక్కరలేదు. బ్లాక్‌లిస్టులో ఉందని జవాబు వచ్చింది.

ఫోను పోయినవాళ్లు పోలీసు ఫిర్యాదు ప్రతితో బ్లాక్ చేయమని కోరితే ఇరవై నాలుగు గంటల్లో దేశంలోని అన్ని నెట్‌వర్కుల్లోనూ అది ఆగిపోతుంది. వైఫైకి ఆ ఆటంకం లేదు. హాట్‌స్పాట్ మీద వీడియో ఎందుకు చూపించాడో అప్పుడు అర్థమైంది.

రెండో బేరం ఒక ఇంజనీరింగ్ కుర్రాడితో. అదే మోడల్, పన్నెండు వేల ఎనిమిది వందలు. ఐఎంఈఐ పంపమంటే అంకెలు టైపు చేసి పంపాడు. సైటులో కొడితే ఆ నంబరు చెల్లదని వచ్చింది. మొదటివాడి నంబరు శుభ్రంగా రావడం, ఇతనిది రాకపోవడం! మాట్లాడకుండా వదిలేసేవాణ్నే, కానీ చేతి అలవాటు కొద్దీ చివరి అంకె లెక్క వేసి చూశాను. కంటైనర్ నంబరుకూ చివర ఇలాంటి తనిఖీ అంకె ఉంటుంది, లెక్క మాత్రం వేరు.

ఇక్కడ అతని నంబరు రాయడం సబబు కాదు, కాబట్టి ఉదాహరణలకు తరచుగా వాడే 490154203237518 తీసుకుందాం. ఎడమ నుంచి రెండో అంకె, నాలుగోది, ఆరోది, ఇలా పద్నాలుగోదాకా సరి స్థానాల్లో ఉన్నవాటిని రెట్టింపు చేయాలి. రెట్టింపు చేస్తే రెండంకెల సంఖ్య వస్తే ఆ రెండంకెలూ కూడాలి. అంటే 9 పద్దెనిమిదై, మళ్లీ 9 అవుతుంది. 7 పద్నాలుగై, 5 అవుతుంది. మిగిలినవి ఉన్నవి ఉన్నట్టే. మొదటి పద్నాలుగు స్థానాలూ కూడితే 52. దానికి చివరి అంకె 8 కలిపితే 60, సున్నాతో ముగిసింది కాబట్టి నంబరు సరైన రూపంలో ఉంది. ఇప్పుడు 13, 14 స్థానాల్లోని 5, 1 తారుమారై 1, 5 అయ్యాయనుకోండి. మొత్తం 55 అవుతుంది, సున్నాతో ముగియదు. పక్కపక్క అంకెలు తారుమారైతే ఈ లెక్క పట్టేస్తుంది, 0, 9 జంటను తప్ప.

కుర్రాడు పంపినది కుదరలేదు. దొంగ అయితే చెల్లే నంబరే పంపేవాడు కదా అనిపించింది. టైపు చేయవద్దు బాబూ, *#06# తెర ఫోటో పంపు అన్నాను. రెండంకెలు తారుమారు చేసి కొట్టాడు, అంతే. సరైన నంబరుకు సైటులో అభ్యంతరమేమీ రాలేదు.

మధ్యాహ్నం పూట ద్వారకానగర్లో, ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గరలోని టీ కొట్టులో కలిశాం. ఈసారి ముందు *#06#, వెనక ఏడు అంకెలు పైకి చదువుతూ బాక్సుతోనూ, వాళ్ల నాన్నగారి పేరిట ఉన్న బిల్లుతోనూ పోల్చాను. అక్కడికక్కడే 14422కు ఇంకోసారి మెసేజ్ పంపి, జవాబు చూశాకే సిమ్ పెట్టాను. కాల్ కలిసింది.

"ఇంట్లోనే రీసెట్ చేసి తెచ్చాను అంకుల్" అన్నాడు గర్వంగా. నెట్ కలిపి ముందుకు వెళితే, ఇంతకు ముందు ఉన్న గూగుల్ ఖాతాతో ధ్రువీకరించమంది. పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కి రీసెట్ చేశాడట. అలా చేస్తే పాత ఖాతా తాళం పడే ఉంటుంది. నేను ఇంటికి తీసుకెళ్లి తెరిచి ఉంటే అది ఇటుక ముక్కే. అతని చేత ఖాతాలోకి వెళ్లించి, సెట్టింగ్స్‌లో ఖాతా తీసేయించి, అక్కడినుంచే మళ్లీ రీసెట్ చేయించాను. ఆ తరువాత నా ఖాతాతో మొదటి పేజీ దాకా వెళ్లాను. వాయిదాల మీద కొని బాకీ తీర్చని ఫోనయితే అప్పిచ్చిన సంస్థ తాళం కూడా చాలావరకు ఈ దశలోనే బయటపడుతుంది. రెండు టీలు అయ్యాయి, ముప్పావు గంట పట్టింది.

డబ్బు పంపబోతుంటే కుర్రాడు ఫోను తీసుకుని, చక్కగా బాక్సులో సర్ది ఇచ్చాడు. నేను బాక్సు తెరిచి మళ్లీ *#06# కొట్టాను. అతని ముఖం చిన్నబోయింది. మా ఆఫీసులో ఒకాయనకు జరిగింది చెప్పాను. అంతా సరిచూసుకున్నాక అమ్మేవాడు మెమొరీ కార్డు తీసుకుంటానని ఫోను వెనక్కి తీసుకుని, అదే రంగు కవరు వేసిన ఇంకో ఫోను బాక్సులో పెట్టి ఇచ్చాడు. అది చెడిపోయిన ఫోను. బాక్సు మాత్రం ఆయన పరీక్షించిన ఫోనుదే. "అయితే చూసుకోండి అంకుల్" అని కుర్రాడు నవ్వేశాడు. తెల్లకాగితం మీద రెండు ఐఎంఈఐలు, ధర, తేదీ, అతని పేరు, చిరునామా రాసి సంతకం తీసుకున్నాను. డబ్బు అతని పేరున్న యూపీఐకే పంపాను. ఈ కాగితం ఎందుకంటే, ఇవాళ్టి జాబితాలో ఇవాళ్టిదాకా బ్లాక్ చేసినవే ఉంటాయి. నిన్న పోయిన ఫోను మీద యజమాని ఎల్లుండి ఫిర్యాదు చేస్తే, నేను కొన్నాక ఆగిపోతుంది.

మూడు వారాల తరువాత ఒక పోలీసు స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. ఫలానా సిమ్ మీదేనా, ఫలానా రోజు సాయంత్రం ఒక ఫోనులో వాడారా అని. జగదాంబ దగ్గర పెట్టిన నా రెండో సిమ్! బ్లాక్ చేసిన ఫోనులో ఎవరు సిమ్ పెట్టినా ఆ వివరం పోలీసులకు చేరుతుంది. మెసేజ్ ముందు పంపి సిమ్ తరువాత పెట్టవలసింది, నేను తిరగేసి చేశాను. అతని మాటల స్క్రీన్‌షాట్లు, బాక్సు ఫోటో, *#06# ఫోటో, 14422 జవాబు అన్నీ ఇంకా తీసేయలేదు. ఎస్ఐగారు వాటిని పంపమన్నారు. పంపాను. "సిమ్ పెట్టాక ఎంతసేపటికి మెసేజ్ పంపారు?" అని అడిగారు. చూసి చెప్పాను, పదకొండు నిమిషాలు.