సాయంత్రం ఏడు దాటితే ఐదు ఎంబీపీఎస్: కడపలో నేను రాసిన ఫిర్యాదు

మాది కడపలో ఎర్రముక్కపల్లె. కువైట్‌లో ఉంటున్న మన జిల్లావాళ్ల పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు చెప్తాను. అక్కడ సాయంత్రం ఐదైతే ఇక్కడ ఏడున్నర. సరిగ్గా ఆ టైముకే మా ఇంటర్నెట్ చతికిలబడేది. నా మాట పిల్లలకు బాగానే వినిపించేది, వాళ్ల మాటలే నాకు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. పద్యం అప్పజెప్పే పిల్లను ఒకే పద్యం మూడుసార్లు చెప్పమనాల్సి వస్తే ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను.

మా ప్యాకేజీ 100 ఎంబీపీఎస్. నెలకు 700, జీఎస్‌టీతో 826 రూపాయలు. కస్టమర్ కేర్‌కు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. తర్వాత టెక్నీషియన్ పొద్దున పదకొండుకు వచ్చి, తన ఫోన్‌లో టెస్ట్ పెట్టి, "తొంభై వస్తా ఉంది కదక్కా" అని చూపించి వెళ్లాడు. సాయంత్రానికల్లా ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది. అతను చూపించింది అబద్ధం కాదు. పొద్దున నిజంగానే తొంభై వస్తుంది. నాకు కావాల్సింది రాత్రి ఏమవుతుందో చూపించే రుజువు.

ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ముందే ఒక మాట అన్నాడు. "అత్తా, వైఫై మీద తీసిన టెస్టులు పంపితే నీ వైఫైదే తప్పంటారు. ల్యాన్ కేబుల్‌తో తీయాల." మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, రూటర్‌కు కేబుల్‌తో కలిపి, గంటకోసారి దానంతటదే టెస్ట్ తీసి ఫైల్‌లో రాసుకునేలా, చెప్పిన టైముకు పనులు నడిపే క్రాన్‌ట్యాబ్‌లో ఈ లైను పెట్టాడు:

```
15 * * * * speedtest-cli --csv --server ID >> $HOME/speed.csv
```

ID ఉన్నచోట ఒక టెస్ట్ సర్వర్ నంబరు వేసుకోవాలి. అది వేయకపోతే ఒక్కోసారి ఒక్కో సర్వర్‌ను ఎంచుకుంటుంది, అప్పుడు పొద్దున రీడింగుకూ రాత్రి రీడింగుకూ పోలిక కుదరదు. ఫైల్‌లో డౌన్‌లోడ్ బిట్లలో పడుతుంది. 4812345 అని ఉంటే పది లక్షలతో భాగించాలి, అంటే 4.8 ఎంబీపీఎస్. గంటకోసారి టెస్ట్ అంటే రోజుకు ఐదారు జీబీ దానికే పోతుంది. నెలవారీ డేటా పరిమితి తక్కువ ఉన్నవాళ్లు సాయంత్రం మాత్రం పెట్టుకుంటే మేలు.

పది రోజులు నడిపి, ఫైల్ ఉన్నదున్నట్టు జతచేసి మెయిల్ పంపాను. రెండో రోజు జవాబొచ్చింది: మీ లాగ్‌లో స్పీడ్ తగ్గింది మధ్యాహ్నం 13:45 నుంచి 16:45 వరకు, ఆ టైములో మా వైపు సమస్య లేదు అని. చదివి నిర్ఘాంతపోయాను. మేనల్లుడు ఫైల్ తెరిచి చూసి తల పట్టుకున్నాడు. ఆ ప్రోగ్రాం టైము మన గడియారం ప్రకారం రాయదు, యూటీసీలో రాస్తుంది. చివర Z అక్షరం ఉండేది అందుకే. మన టైము కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. 13:45 అంటే రాత్రి 7:15. ఆ తప్పు మాదే, కానీ దానివల్ల ఒక వారం పోయింది.

రెండో ఉత్తరానికి చాలాసేపు కూర్చున్నాను. కోపమంతా తీసేసి ఇలా రాశాను:

"అయ్యా, నా కనెక్షన్ ప్లాన్ 100 ఎంబీపీఎస్. పాత డాకెట్ నంబర్లు పైన ఇచ్చాను. ఒక ల్యాప్‌టాప్‌ను రూటర్‌కు ల్యాన్ కేబుల్‌తో కలిపి, పది రోజులు, ఒకే సర్వర్‌తో, గంటకోసారి టెస్ట్ తీశాను. టైములన్నీ భారత కాలమానంలోకి మార్చి జతచేశాను, అసలు ఫైల్ కూడా పంపుతున్నాను.

ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు తీసిన 113 రీడింగుల సగటు 92. రాత్రి 7:15, 9:15, 10:15కు తీసిన 30 రీడింగుల సగటు 5.1, అత్యల్పం 2.8, అత్యధికం 9.4. ఆ 30 టెస్టుల టైములో ఇంట్లో మిగతా ఫోన్లు, టీవీ ఆపేశాం. 8:15కు నేను క్లాసులో ఉంటాను కాబట్టి ఆ రీడింగులు లెక్కలో కలపలేదు. కరెంటు పోయినప్పుడు ఏడు పగటి రీడింగులు రాలేదు.

పగలు 92 వస్తోంది కాబట్టి కేబుల్, రూటర్ బాగున్నట్టే. రాత్రి కూడా అప్‌లోడ్ 70కి తగ్గలేదు, డౌన్‌లోడే పడిపోతోంది. ఈ నెల వాడకం మీ యాప్ ప్రకారం 412 జీబీ, పరిమితి 3300 జీబీ. కాబట్టి పరిమితి దాటినందుకు తగ్గించిన స్పీడూ కాదు.

నా కోరికలు రెండు. రాత్రి 8, 10 గంటల మధ్య టెక్నీషియన్‌ను పంపి చూడండి. స్పీడ్ రాని రోజులకు అద్దె సర్దుబాటు చేయండి. పరిష్కారం కాకపోతే ఇదే డాకెట్ నంబరుతో మీ అప్పీల్ అథారిటీకి వెళ్తాను."

చివరి వాక్యం ఉత్తుత్తి బెదిరింపు కాదు. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ కంపెనీ డాకెట్ నంబరు ఇవ్వాలి. జవాబు నచ్చకపోతే ఆ కంపెనీలోనే ఉండే అప్పీల్ అథారిటీకి 30 రోజుల్లోపు రాయొచ్చు, ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ మాత్రం ఒక్కొక్కరి ఫిర్యాదును నేరుగా విచారించదు. ఇది తెలియక మొదట్లో నేను ట్రాయ్‌కే రాద్దామనుకున్నాను.

నాలుగో రోజు రాత్రి ఎనిమిదిన్నరకు వేరే టెక్నీషియన్ వచ్చాడు. ముందు ఫైబర్ వైరు ఊడదీసి మీటర్‌తో సిగ్నల్ చూశాడు, మైనస్ 19 డీబీఎం. మైనస్ 27 దాకా పర్వాలేదట, అంటే వైరు శుభ్రంగా ఉంది. తర్వాత తన ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో పెట్టి టెస్ట్ తీస్తే 4.3 వచ్చింది. ఇంకోసారి తీస్తే 5.6. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను మంచినీళ్లిచ్చాక నెమ్మదిగా చెప్పాడు: "అక్కా, మీ ఇంట్లో ఏం తప్పు లేదు. మీ ఏరియా అంతా ఒక జీబీ లింకు మీద నడస్తా ఉంది. రాత్రి అందరూ టీవీల్లో సినిమాలు పెడితే అది నిండిపోతాది. అప్‌లోడ్ ఎవరూ అంతగా వాడరు, అందుకే అది బాగుంటాది."

ఆ ఒక్క మాటతో నెలన్నర టెన్షన్ దిగిపోయింది. వైరు పాడైతే రాత్రీ పగలూ తేడా లేకుండా స్పీడ్ పడిపోయేది. మాకు గడియారం చూసుకున్నట్టు రాత్రే పడిపోతోంది. ఒక్క రీడింగు ఎన్నిసార్లు స్క్రీన్‌షాట్ తీసి పంపినా ఆ తేడా కనపడదు, రోజంతా తీసిన వరుసలోనే కనపడింది.

లింకు మార్చడానికి మరో పదహారు రోజులు పట్టింది. ఆలోగా మా వీధిలో ఇంకో ముగ్గురు కూడా తమ డాకెట్ నంబర్లతో ఫిర్యాదులు పెట్టారు. ఇప్పుడు రాత్రి 9:15 రీడింగు 88కి, 93కి మధ్య ఉంటోంది. అద్దె విషయంలో నేను నెల మొత్తం అడిగితే 15 రోజులది, అంటే 413 రూపాయలు, తర్వాతి బిల్లులో తగ్గించారు. అది తీసుకుని అప్పీల్ వేయలేదు. టెస్ట్ లైను ఇప్పుడు రాత్రి మాత్రం, రోజుకు రెండుసార్లు నడుస్తోంది.