న్యూరో లాంగ్ కేసు: టీ4 అని చెప్పి నేను తప్పిన చోటు

ఎండీ ప్రాక్టికల్స్‌కు మూడు నెలల ముందు వార్డులో ఒక ప్రాక్టీస్ కేసు తీసుకున్నాను. పేషెంట్ యాభై దాటిన రైతు. ఎనిమిది నెలలుగా కాళ్లు బిగుసుకుపోతున్నాయి, నడుస్తుంటే చెప్పు జారినా తెలియడం లేదు. ఈ మధ్య చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమైంది.

మోకాలు, మడమ జర్క్‌లు రెండు వైపులా బ్రిస్క్. ప్లాంటర్ రెండూ ఎక్స్‌టెన్సర్. పిన్‌తో గుచ్చితే రొమ్ము మొనల కింద నొప్పి తగ్గింది. అది టీ4 కాబట్టి డార్సల్ కార్డ్ కంప్రెషన్ అనేశాను. సార్ ఒకటే అడిగారు: "మరి గుండీల సంగతేంటమ్మా?"

మళ్లీ హ్యామర్ పట్టుకుని చేతులు చూశాను. బైసెప్స్ జర్క్ రాలేదు. సూపినేటర్ దగ్గర కొడితే మోచెయ్యి వంగలేదు, వేళ్లు మాత్రం ముడుచుకున్నాయి. ట్రైసెప్స్ బ్రిస్క్. దీన్నే ఇన్‌వర్టెడ్ సూపినేటర్ అంటారు. సీ5, సీ6 సెగ్మెంట్లు దెబ్బతినడంతో అక్కడి జర్క్ పోయింది. ఆ కింది సెగ్మెంట్లకు పిరమిడల్ ట్రాక్ట్ అదుపు తప్పింది కాబట్టి సీ8కి చెందిన వేళ్ల జర్క్ పెరిగింది. పోయిన జర్క్ లీజన్ ఉన్న సెగ్మెంట్‌ను చూపిస్తుంది. బ్రిస్క్ జర్క్ చెప్పేది లీజన్ పైనెక్కడో ఉందని మాత్రమే. తర్వాత ఎమ్మారైలో సీ5 వెన్నుపూస దగ్గరే నొక్కుడు కనిపించింది. మెడలో వెన్నుపూస నంబరుకు ఒకటి కలిపితే కార్డ్ సెగ్మెంట్ వస్తుంది, అంటే సీ6.

మరి టీ4 ఎలా వచ్చింది? నొప్పి, వేడి మోసే ఫైబర్లు ఒకటి రెండు సెగ్మెంట్లలోనే అవతలి వైపుకు దాటి, స్పైనోథలామిక్ ట్రాక్ట్‌లో పైకి వెళ్తాయి. కాళ్ల నుంచి వచ్చినవి బయటి అంచున ఉంటాయి, చేతులవి లోపల చేరతాయి. బయటి నుంచి ఒత్తిడి పడితే ముందు కాళ్లవే దెబ్బతింటాయి. అందుకే సెన్సరీ లెవెల్ అసలు చోటు కంటే చాలా కిందే ఆగి, జబ్బు ముదిరేకొద్దీ పైకి జరగవచ్చు. పిన్‌తో దొరికిన లెవెల్‌ను "లీజన్ ఇక్కడ, లేదా ఇంకా పైన" అని చదవండి.

నాలుగు అవయవాల జర్క్‌లూ బ్రిస్క్‌గా ఉంటే దవడ కూడా తప్పకుండా కొట్టి చూడండి. జా జర్క్ ఆర్క్ పాన్స్‌లో ఉంది. అది బాగా బ్రిస్క్ అయితే ఒక్క సర్వైకల్ కార్డ్‌తో కేసు ముగియదు, పాన్స్ పైన కూడా వెతకాలి. మామూలుగా ఉంటే మెడ వైపు మొగ్గవచ్చు. అసలు రాకపోయినా కంగారు వద్దు, ఆరోగ్యవంతుల్లో చాలామందికి రాదు. ఒక వైపు ముఖం మొత్తం, నుదురుతో సహా పడిపోయి, అవతలి వైపు చెయ్యి కాలు పడిపోతే పాన్స్ అని ధైర్యంగా చెప్పవచ్చు.

ఈ లెక్క నెమ్మదిగా వచ్చిన కేసులకే. నిన్న చెట్టు మీంచి పడి వచ్చిన మనిషికి స్పైనల్ షాక్‌లో లీజన్ కింద జర్క్‌లన్నీ పోతాయి. అప్పుడు పోయిన జర్క్‌ను చూసి లెవెల్ చెప్పకూడదు.