కీ మీద రిట్ వేస్తే ఏమవుతుంది: నా అనుభవం

ప్రిలిమ్స్‌లో కటాఫ్‌కు 0.80 మార్కు తక్కువ పడింది. ఒక ప్రశ్న తప్పయితే మార్కు పోవడమే కాదు, మూడో వంతు కోత కూడా ఉంటుంది. అంటే కీలో ఒక్క ప్రశ్న మారితే 1.33 కలుస్తుంది. ఈ లెక్క వేసుకునే కోర్టు దాకా వెళ్లాను.

ప్రాథమిక కీ వచ్చినప్పుడు రెండు అభ్యంతరాలు పెట్టాను. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 25 అని కీలో ఉంది. రాజ్యాంగం 84వ అధికరణ పేజీ ఒక్కటి జత చేస్తే తుది కీలో 30కి మారింది. రెండోది ప్రతిపాదన, కారణం తరహా ప్రశ్న. తూర్పు తీరానికి తుఫాన్లు ఎక్కువ, బంగాళాఖాతం నీళ్లు వెచ్చగా ఉంటాయి. రెండూ నిజమే. రెండోది మొదటిదానికి సరైన వివరణా? కీ అవునంది, నేను కాదన్నాను. ద్వారకానగర్ గ్రంథాలయంలో కూర్చుని మూడు పుస్తకాల్లోంచి పేజీలు జిరాక్స్ తీశాను. కీ మారలేదు.

మనకిప్పుడు పరిపాలనా ట్రైబ్యునల్ లేదు కాబట్టి 226వ అధికరణ కింద నేరుగా హైకోర్టుకే వెళ్లాలి. లాయరు గారు నా కట్ట తిరగేసి, "చూడు బాబూ, మూడు పుస్తకాలు తెచ్చావంటేనే వాదన కావాలని అర్థం. వాదన కావాలంటే కేసు సగం పోయినట్టే" అన్నారు.

ఆయన చెప్పింది 1983 నాటి కాన్పూర్ విశ్వవిద్యాలయం కేసు గురించి. కీ సరైనదనే కోర్టు అనుకుంటుంది. తప్పని చెప్పాలంటే తర్కంతో లాగి చూపించకూడదు. ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లెవరూ ఒప్పుకోలేనంత స్పష్టంగా కనబడాలి. 2017 డిసెంబరులో రణ్ విజయ్ సింగ్ తీర్పు ఇంకో మాట చేర్చింది: సందేహం మిగిలితే ఆ లాభం పరీక్ష పెట్టినవాళ్లకే, అభ్యర్థికి కాదు. నా వయసు ప్రశ్న ఈ పరీక్షకు నిలబడేది. తుఫాను ప్రశ్న నిలబడదు.

అయినా వేశాం. నాకు మార్కు ఇవ్వమని కాకుండా, నిపుణుల కమిటీకి మళ్లీ పంపమని అడిగాం. జవాబుపత్రం దిద్దే పని కోర్టు చేయదు కాబట్టి అడిగితే ఇంతే అడగాలి. జడ్జి గారు ఒకే ప్రశ్న వేశారు: "నిపుణులు మీ అభ్యంతరం చూశారా, లేదా?" చూశారు. విచారణకు తీసుకునే దశలోనే కొట్టేశారు.

అప్పుడు నాకు తట్టనిది ఇంకొకటుంది. కీ మారితే 1.33 నాకొక్కడికే రాదు, నాలాగే ఆ ఆప్షన్ దిద్దిన అందరికీ వస్తుంది. పాత కీలోని జవాబు దిద్దినవాళ్లకు పోతుంది. కటాఫ్ కదులుతుంది. తుది ఎంపిక అయ్యాక వేసే కేసులో, దెబ్బతినే ఎంపికైనవాళ్లను ప్రతివాదులుగా చేర్చకపోతే ఆ లోపం మీదే పిటిషన్ పోవచ్చు.

నోటిఫికేషన్‌లోని నిబంధనను మధ్యలో మార్చారనుకోండి, అది వేరే సంగతి. అక్కడ నిపుణుల అభిప్రాయం అడ్డురాదు, కోర్టు గట్టిగానే చూస్తుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం తేల్చింది కూడా అదే: నిబంధనలు గానీ నోటిఫికేషన్ గానీ అనుమతిస్తే తప్ప, ఎంపిక మొదలయ్యాక అర్హతలు మార్చకూడదు.