డ్రెస్ కోడ్ సర్క్యులర్ రాయించి నన్ను ఏడిపించిన మా ఆఫీసు

నిన్న సాయంత్రం సంతకం పడింది. కడపలో మాది ఒక చిన్న ఫైనాన్స్ ఆఫీసు, పాతికమంది దాకా ఉంటాం. బట్టలు, ప్రవర్తన మీద సర్క్యులర్ రాసే పని సార్ నాకు అంటగట్టాడు. లెటర్‌హెడ్, నంబరు, అమలు తేదీ చిటికెలో అయిపోయాయి.

తంటా అంతా పాత సర్క్యులర్‌తోనే. "మహిళా సిబ్బంది సభ్యతగల దుస్తులు ధరించవలెను, చున్నీ తప్పనిసరి, ఉల్లంఘించినచో కఠిన చర్యలు తీసుకోబడును" అని ఉంది అందులో. సభ్యత ఎంతో కొలిచేదెవరు, మేనేజరా, వాచ్‌మనా? అందుకే ఆడ, మగ అని కాకుండా పనిని బట్టి రాశాను: కౌంటర్లో ఉండేవాళ్లు, వసూళ్లకు వెళ్లేవాళ్లు ఎవరైనా సరే శుభ్రమైన చీర, చుడీదార్, చొక్కా ప్యాంటు, మెడలో ఐడీ కార్డుతో ఉండాలి, ఎందుకంటే కస్టమర్ డబ్బు చేతికిచ్చేముందు మనిషిని గుర్తుపట్టాలి. రికార్డు గదిలో వాళ్లకు టీషర్టు అయినా పర్వాలేదు.

దాన్ని సార్ అందరి ముందూ బిగ్గరగా చదివి, "ఏమ్మా, నువ్వు ఆఫీసు మనిషివా, యూనియన్ మనిషివా?" అన్నాడు. కొందరు కిసుక్కున నవ్వారు. ఒళ్లు మండిపోయింది. చున్నీ లైను మళ్లీ పెట్టమంటే, "పెడతాను సార్, పక్కనే మగవాళ్ల చొక్కా పై గుండీల గురించి కూడా ఒక లైను పెడదాం" అన్నాను. ఆ తర్వాత చున్నీ మాట ఎవరూ ఎత్తలేదు. నా పేరు చెప్పుకోవడం కాదు గానీ, ఆ గదిలో ఆ మాట అనగలిగింది నేనొక్కదాన్నే!

ఇంకో గొడవ బూట్లది. అందరికీ తప్పనిసరి అన్నాడు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు నల్లబట్టల్లో, చెప్పుల్లేకుండా వస్తారు కదా, వాళ్లలో సార్ బావమరిది కూడా ఉన్నాడు. అది గుర్తుచేసేసరికి మెత్తబడ్డాడు. దీక్ష, బురఖా, గర్భం, అనారోగ్యం ఉన్నవాళ్లు నోటిమాటగా చెబితే చాలు, రుజువు కాగితాలు అడగరు అని చేర్చాను.

వేధింపుల గురించి ఒక లైను ఇదే సర్క్యులర్లో, బట్టల కిందే ఇరికించమన్నాడు. ఒప్పుకోలేదు. అలా రాస్తే బట్టల వల్లే వేధింపులు అన్నట్టు చదువుతారు. పది మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం, ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, దాని సభ్యుల వివరాలతో వేరే నోటీసు గోడకు అంటించాలి. మీ ఆఫీసులో ఆ నోటీసు లేకపోతే ముందు దాన్నే అడగండి, ఈ జీన్స్ పంచాయితీ తర్వాత.

ఇక "కఠిన చర్యలు" తీసేసి, మొదటిసారి మేనేజర్ విడిగా పిలిచి మాట్లాడతాడని, అందరి ముందు అనడని, ఎవరినీ ఇంటికి పంపి జీతం కోయరని రాశాను. "అందరి ముందు అనడు" అన్న చోట సార్ పెన్ను కాసేపు ఆగింది. సంతకం మాత్రం చేశాడు.