కౌంటర్ ఆఫర్: లెటర్ చేతికి రాకుండా విత్‌డ్రా బటన్ నొక్కకండి

నిన్న సాయంత్రమే రిలీవింగ్ లెటర్ మెయిల్‌లో పడింది. వేడి మీదే రాసేస్తున్నా. నాలుగు రోజులు పోతే మర్యాద గుర్తొచ్చి సగం మింగేస్తాను.

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, 90 రోజుల నోటీసు, ఏడాది మొత్తం ప్యాకేజీ, అంటే సీటీసీ, 18 లక్షలు. బయట వచ్చిన ఆఫర్ 25 లక్షలు. అందులో ఫిక్స్‌డ్ 23.5, పనితీరును బట్టి వచ్చే వేరియబుల్ 1.5. జూన్ 2న పోర్టల్లో రిజైన్ చేస్తే లాస్ట్ వర్కింగ్ డే ఆగస్టు 30 అని చూపించింది. సెప్టెంబర్ 1న కొత్త చోట జాయినింగ్. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. మేనేజర్ "సరే, ఒకసారి ఆలోచించుకో" అని ఊరుకున్నాడు.

రెండు నెలలు ఎవరూ నన్ను పట్టించుకోలేదు. ఆగస్టు మొదటి వారంలో ఒక్కసారిగా ప్రేమ పొంగింది. మొదట్లో మన సీటు ఎవరో ఒకరితో నింపేయొచ్చని వాళ్ల ధీమా. ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద ఉన్నవాళ్లలో సరైన మనిషి దొరకడు. బయటి నుంచి తీసుకుందామంటే అతనికీ అక్కడ 90 రోజుల నోటీసే. క్లయింట్‌కు పేరు చెప్పాల్సిన రోజు నెత్తి మీదకు వస్తుంది, అప్పుడు మనం గుర్తొస్తాం. అందుకే వెళ్లిపోతున్న మనల్ని ఆపడానికి ఇచ్చే ఈ కౌంటర్ ఆఫర్ ఏ వారంలో వచ్చిందో చూసుకోండి. రిజైన్ చేసిన మూడో రోజున వచ్చిందంటే మీరు నిజంగా కావాలని. నోటీసు చివర్లో వచ్చిందంటే ఇంకో మూడు, నాలుగు నెలలు గడవాలని.

మేనేజర్, ఆయన పైమేనేజర్, హెచ్‌ఆర్ అమ్మాయి ముగ్గురూ ఒక రూములో కూర్చోబెట్టారు. "వాళ్లిచ్చేది మేమూ ఇస్తాం, 24.5కు అప్రూవల్ వచ్చేసింది" అన్నాడు పైమేనేజర్. నేను మెత్తబడ్డ మాట నిజం. ఇంటికి పావుగంట దూరం, తెలిసిన కోడు, అలవాటైన మనుషులు. లెటర్ ఎప్పుడిస్తారని అడిగాను. "ముందు పోర్టల్లో రాజీనామా విత్‌డ్రా చేయండి, సిస్టమ్‌లో మీ స్టేటస్ యాక్టివ్ అయితేనే లెటర్ జనరేట్ అవుతుందండీ" అంది హెచ్‌ఆర్. అప్రూవల్ ఫైల్లో పెట్టాలి, కొత్త ఆఫర్ లెటర్ కాపీ కూడా పంపమంది.

ఆ విత్‌డ్రా బటన్ దగ్గరే జనం మునిగిపోతారు. నొక్కగానే జూన్ 2 తేదీ చెరిగిపోతుంది. రేపు లెటర్‌లో తేడా వచ్చి మళ్లీ రిజైన్ చేస్తే 90 రోజులు మొదటి నుంచి లెక్క. ఆగస్టు 7న మళ్లీ పెడితే లాస్ట్ వర్కింగ్ డే నవంబర్ 4. సెప్టెంబర్ 1 జాయినింగ్ కోసం కూర్చున్న కొత్త కంపెనీ నవంబర్ దాకా ఆగుతుందా? అంటే చేతిలో ఉన్న ఒక్క ముక్కనూ వాళ్లకు ముందే ఇచ్చేసి, వాళ్లు ఏమిస్తారో తర్వాత చూడటం. స్టేటస్ యాక్టివ్ అయితే తప్ప లెటర్ రాదన్నది ఒట్టి మాట. సవరించిన జీతం వివరాలు మెయిల్‌లో పంపడానికి ఏ సిస్టమూ అడ్డురాదు.

అందుకే నాలుగే ప్రశ్నలు మెయిల్ చేశాను. మేనేజర్‌ను సీసీలో పెట్టి మరీ. ఫిక్స్‌డ్ ఎంత, ఏ తేదీ నుంచి? 24.5లో ఒక్కసారికి మాత్రమే ఇచ్చేది ఎంత? దానికి రికవరీ షరతు ఏమిటి? ఏప్రిల్ అప్రైజల్‌కు నాకు అర్హత ఉంటుందా? ఈ మెయిల్ రాసినందుకు ఇప్పటికీ నా భుజం నేనే తట్టుకుంటున్నా.

జవాబుకు రెండు రోజులు పట్టింది. ఫిక్స్‌డ్ 19.8, వేరియబుల్ 2.2, రిటెన్షన్ బోనస్ 2.5. కలిపితే 24.5 సరిగ్గా వస్తుంది, అబద్ధమని ఎవరూ అనలేరు. అప్రైజల్ ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. ఫోన్ చేసి అడిగితే, "ఇది ఆఫ్ సైకిల్ కరెక్షన్ కదండీ, వచ్చే సైకిల్‌కు ఎలిజిబిలిటీ ఉండదు" అని గొంతు తగ్గించి చెప్పింది.

విడదీసి చూడండి. ఫిక్స్‌డ్‌కు ఫిక్స్‌డ్ పోలిస్తే 23.5 ఎక్కడ, 19.8 ఎక్కడ? ఏడాదికి 3.7 లక్షల తేడా, పన్ను పోయాక కూడా నెలకు ఇరవై వేలకు పైనే. రిటెన్షన్ బోనస్ ఒక్కసారి వచ్చి పోయేది. రెండో ఏడు నా సీటీసీ 22 లక్షలే. ఏప్రిల్ హైక్ కూడా లేదు కాబట్టి, వచ్చే ఏడాది ఇవ్వాల్సిన పెంపునే ముందు తెచ్చి కౌంటర్ ఆఫర్ అని పేరు పెట్టారన్నమాట. ఇక వేరియబుల్ ప్రతి ఏడూ పూర్తిగా చేతికొచ్చిన వాళ్లెవరైనా మీకు తెలిస్తే చెప్పండి, నేనైతే చూడలేదు.

రిటెన్షన్ షరతు ఇంకా ముచ్చటైనది. వచ్చే నెల జీతంతో 2.5 లక్షలు ఇస్తారు, 24 నెలల్లోపు మానేస్తే మొత్తం కట్టాలి. ఎన్ని నెలలు పనిచేస్తే అంత తగ్గించడం లేదు. ఇరవై మూడో నెలలో వెళ్లినా పూర్తిగా కట్టాల్సిందే. పైగా "గ్రాస్ అమౌంట్" అని రాశారు. ఆ ఒక్క మాట ఖరీదు చూడండి. 25 శాతం స్లాబ్, దాని మీద 4 శాతం సెస్, అంటే 65 వేలు టీడీఎస్‌గా పోయి చేతికి వచ్చేది 1.85 లక్షలు. తిరిగి కట్టాల్సింది 2.5 లక్షలు. అదే ఆర్థిక సంవత్సరంలో వెనక్కి తీసుకుంటే పన్ను సర్దే వీలు ఉండొచ్చు. మార్చి 31 దాటిందా, ఆ 65 వేలు వెనక్కి రాబట్టుకోవడం నరకం. మీ లెటర్‌లో రికవరీ షరతు ఉంటే రెండు మార్పులు అడగండి: పనిచేసిన నెలల లెక్కన తగ్గాలి, చేతికి వచ్చిన మొత్తమే వెనక్కి ఇవ్వాలి. ఒప్పుకోకపోతే ఆ బోనస్‌ను మీ పోలికలో సున్నా వేసుకోండి.

నోటీసు పీరియడ్ లైను కూడా వదలకండి. సవరించిన లెటర్‌తో పాత 60 రోజులను 90 చేసిన చోట్లు ఉన్నాయి. మనం జీతం అంకె చూసి సంతకం పెట్టేస్తాం.

కొత్త ఆఫర్ లెటర్ కాపీ నేను ఇవ్వలేదు. ఆ కాగితం మీద సాధారణంగా గోప్యమని రాసే ఉంటుంది. మొత్తం అంకె నోటితో చెబితే చాలు. ఇవ్వనన్నాక పైమేనేజర్, "ఇంత నమ్మకం లేనివాళ్లతో పనిచేయడం మాకూ కష్టమే" అన్నాడు. మూడున్నరేళ్లు రాత్రిపూట ప్రొడక్షన్ కాల్స్ ఎత్తినప్పుడు ఈ నమ్మకం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అలాగని ప్రతి కౌంటర్ ఆఫర్‌నూ తన్నేయమనను. నా పక్క సీటతను ఉండిపోయాడు, అది సరైన నిర్ణయమే. అతనికి నాలుగేళ్ల ఏడు నెలల సర్వీసు, బేసిక్ 70 వేలు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ లెక్క 70,000 × 15 ÷ 26 × 5, అంటే రెండు లక్షల పైచిలుకు, అదీ పన్ను లేకుండా. ఐదు నెలల ముందు వదిలితే ఆ డబ్బు చేజారినట్టే. అతను బోనస్ ఏమీ వద్దని, పెంపంతా ఫిక్స్‌డ్‌లోనే రాయించుకున్నాడు, లెటర్ మెయిల్‌కు వచ్చాకే విత్‌డ్రా నొక్కాడు. కొత్త కంపెనీకి మాత్రం చెప్పకుండా జాయినింగ్ రోజు దాకా నాన్చాడు. అది నాకు నచ్చలేదు, ఆ రోజే మెయిల్ పెట్టాల్సింది.

నేను ఆగస్టు 11న మేనేజర్‌కు రెండు లైన్ల మెయిల్ పంపాను: ఆఫర్‌కు ధన్యవాదాలు, రాజీనామా యథాతథం, లాస్ట్ వర్కింగ్ డే ఆగస్టు 30. ఆ మధ్యాహ్నమే నా పని వేరేవాళ్లకు అప్పగించే కేటీ సెషన్లు క్యాలెండర్‌లో వరసగా పడ్డాయి, రోజుకు మూడు.