మంగళవారం – తలంబ్రాల నెస్ట్

ఈరోజంతా పెళ్ళి వీడియో టైమ్‌లైన్ సర్దడంతోనే సరిపోయింది. ప్రీమియర్ ప్రోలో సీక్వెన్స్ 1920×1080, సెకనుకు 25 ఫ్రేములు. మూడు కెమెరాల 4కె ఫుటేజీ, పేర్లు, గ్రాఫిక్స్ అన్నీ కలిపి 11 వీడియో ట్రాకులు. ఎదుర్కోలు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, ఇలా ఏ ఘట్టానికి ఆ ఘట్టం క్లిప్పులు సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో Nest నొక్కి, వాటిని ఒకే క్లిప్‌లా మూటకట్టి ఆ ఘట్టం పేరే పెడితే టైమ్‌లైన్ మూడు ట్రాకులకు దిగింది. పేరు పెట్టకపోతే Nested Sequence 01, 02 అంటూ పేరుకుపోతాయి, రేపు ఏది ఏదో తెలియదు.

చిక్కు తలంబ్రాల దగ్గర వచ్చింది. వధువు నవ్వు మీదికి జూమ్ కావాలి. బయట నెస్ట్ స్కేలు 150 చేయగానే ముఖం మెత్తబడిపోయింది. ఫుటేజీ 4కె అయినా నెస్ట్ మాత్రం 1080లోనే పుట్టింది. లోపల క్లిప్ 50 శాతానికి కుదించుకుని ఉంది కాబట్టి, బయట పెంచితే సాగేది ఆ కుదించిన బొమ్మే. నెస్ట్ మీద డబుల్ క్లిక్ చేసి లోపలికి వెళ్ళి, క్లిప్ స్కేలునే 50 నుంచి 75కి కీఫ్రేమ్ చేస్తే అదే జూమ్, అసలు పిక్సెళ్ళతో. జూములు ఎక్కువుంటే నెస్ట్‌నే 3840×2160 చేసి, లోపలి క్లిప్పులు 100, బయట నెస్ట్ 50 పెట్టుకోవడం మేలు.

అయితే అలా పెంచిన నెస్ట్‌లోకి పాత 1080 అడ్జస్ట్‌మెంట్ లేయర్‌ని, అంటే కింద ఉన్న క్లిప్పులన్నిటికీ ఒకేసారి రంగు వేసే ఖాళీ పొరని, లాగితే రంగు మధ్యలో ఒక చిన్న దీర్ఘచతురస్రపు పెట్టెకే పడుతుంది, అంచులు మారవు. లేయరుకీ సొంత కొలత ఉంటుంది. ఆ సీక్వెన్స్ తెరిచి ఉంచి కొత్త లేయర్ చేసుకోవాలి.

ఇంతకీ లేయర్ ఎక్కడ పెట్టాలి? మూడు కెమెరాల తెలుపు ఒకదానితో ఒకటి కలపడం లోపల, క్లిప్పుల మీదే. సినిమా మొత్తానికి ఒకే రంగు బయట, నెస్టులన్నిటి పైనా ఒక్క అడ్జస్ట్‌మెంట్ లేయర్‌తో. ఘాటు ఎక్కువైతే దాని ఒపాసిటీ 70కి దించితే చాలు. పేర్ల ట్రాక్ ఆ లేయరుకి పైన ఉండాలి. కింద ఉంటే తెల్లటి అక్షరాలకూ పసుపు పట్టేస్తుంది.

సాయంత్రం రెండు నెస్టుల మధ్య డిజాల్వ్ వేస్తే టైమ్‌లైన్‌లో దాని మీద ఏటవాలు గీతలు పడ్డాయి. నెస్ట్ చివరంటా వాడేసినప్పుడు ఆ పైన ఫ్రేములు ఉండవు, అందుకే చివరి ఫ్రేమే ఆగిపోయి కనిపిస్తుంది. ఒక సెకను డిజాల్వ్‌కి రెండు వైపులా 13 అదనపు ఫ్రేములు కావాలి. రెండో నెస్ట్ మొదట్లో ఫ్రేములు మిగిలే ఉన్నాయి, మొదటి నెస్ట్ లోపల చివరి క్లిప్పుని 15 ఫ్రేములు పొడిగిస్తే సరిపోయింది. లోపల పొడిగించినా బయటి క్లిప్ తనంతట తాను సాగదు, ఈ పనికి అదే కలిసొచ్చింది.

రేపు జీలకర్ర బెల్లం నెస్ట్‌కి ఇదే చేయాలి.