ఎంసీబీ దించినా వెలిగిన టెస్టర్

నిన్న కావలిలోని మా ఇంట్లో నల్లబడిన సాకెట్‌ను మార్చడానికి ఆ గది ఎంసీబీని దించి, పక్కగదిలో కరెంటున్న సాకెట్‌లో టెస్టర్ వెలుగుతోందని చూసుకున్న తర్వాతే బోర్డు విప్పాను. సాకెట్ తీగలో వెలుగు లేదు, కానీ అదే బోర్డులోని ఫ్యాన్ స్విచ్ తీగను తాకగానే టెస్టర్ వెలిగింది. అది ఇన్వర్టర్ లైను. ఇన్వర్టర్ స్విచ్ ఆపినా వెలుగు పోలేదు, ఎందుకంటే మా ఇన్వర్టర్ ఆపి ఉన్నప్పుడు కూడా మెయిన్ కరెంటును నేరుగా పంపుతుంది (ఇన్నేళ్లూ ఈ సంగతి నాకు తెలియదు). దాని ప్లగ్ కూడా పీకి, తీగలన్నిటినీ మళ్లీ పరీక్షించి, టెస్టర్ ఇంకా పనిచేస్తోందని పక్కగదిలో మరోసారి నిర్ధారించుకున్నాకే చేయి పెట్టాను. స్క్రూ వదులై కాలిన తీగ కొనను మెరిసే రాగి కనిపించేవరకు కత్తిరించి, కొత్త సాకెట్‌కు గట్టిగా బిగించాను.